చేదు కర్రపెండలం: తొక్క తీయడం నుంచి నీళ్లు వార్చేదాకా

కర్రపెండలం వండే వారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటే. "కుక్కర్లో నాలుగు విజిల్స్ రానిస్తే అందులోని విషం పోతుంది కదా?" పోదు. ఈ దుంపలో ఉండే విషపదార్థం వేడికి నశించేది కాదు, నీటిలో కరిగి బయటకు పోవలసినది. తొక్క ఎలా తీయాలి, ముక్క ఎంత ఉండాలి, ఎసరు ఎప్పుడు పెట్టాలి, ఏ దుంపను అసలు వండకూడదు అన్న విషయాలన్నీ ఈ తేడా నుంచే పుడతాయి. అందుకే ముందుగా దుంప లోపల ఏం జరుగుతుందో కొద్దిగా చెప్పి, ఆ తరువాత వరుసగా పని చెబుతాను.

1. దుంపలో ఉన్నదేమిటి, అది ఎలా బయటపడుతుంది

కర్రపెండలం కణాల్లో లినమరిన్ అనే పదార్థం ఉంటుంది. లినమరేజ్ అనే ఎంజైమ్ కూడా అదే దుంపలో ఉంటుంది కానీ, అది కణపు గోడల్లో వేరుగా ఉంటుంది. దుంపను కోసినప్పుడు, తురిమినప్పుడు, నలగగొట్టినప్పుడు ఈ రెండూ కలుస్తాయి. అప్పుడు లినమరిన్ విడిపోయి చివరకు హైడ్రోజన్ సయనైడ్ పుడుతుంది. అది సుమారు 26 డిగ్రీల దగ్గరే ఆవిరి అవుతుంది కనుక, తెరిచిన గిన్నెలో నుంచి తేలికగా గాలిలోకి వెళ్లిపోతుంది.

చిక్కు ఎక్కడంటే, లినమరిన్ మరిగే నీటిలో కూడా చెక్కుచెదరదు. ఎంజైమ్ మాత్రం 75 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి పనిచేయడం మానేస్తుంది. పెద్ద పెద్ద ముక్కలను నేరుగా మరుగుతున్న ఎసరులో వేస్తే, విషాన్ని విడగొట్టే ఎంజైమ్ ముందే చచ్చిపోతుంది, విషపదార్థం ముక్కలోనే ఉండిపోతుంది. ముక్క మెత్తగా ఉడికినా, రుచిగా ఉన్నా ఈ సంగతి మారదు.

2. దుంప ఎంచుకోవడం

ప్రపంచ ఆహార ప్రమాణాలను నిర్ణయించే కోడెక్స్ లెక్క ప్రకారం, కిలో పచ్చి దుంపలో 50 మిల్లీగ్రాముల కంటే తక్కువ సయనైడ్ ఉంటే అది తీపి రకం, అంతకు మించితే చేదు రకం. ఇంట్లో మనం కొలవలేము కనుక, ఆ దుంప ఎక్కడి నుంచి వచ్చిందో అడిగి తెలుసుకోవడం మొదటి జాగ్రత్త.

ఉమ్మడి తూర్పు గోదావరి మెట్ట ప్రాంతంలో, పెద్దాపురం, సామర్లకోట చుట్టుపక్కల పండే కర్రపెండలంలో ఎక్కువ భాగం సగ్గుబియ్యం మిల్లులకు పోతుంది. మిల్లుకు వెళ్లే రకాన్ని పిండి ఎక్కువ వస్తుందని ఎంచుకుంటారే తప్ప, నేరుగా ఉడికించి తినడానికి కాదు. కేరళలో ఇంటి వంటకు పేరున్న ఎం-4 వంటి రకాలతో దాన్ని పోల్చకూడదు. అందువల్ల పొలంలో మిల్లు కోసం తీసిన కుప్ప నుంచి నాలుగు దుంపలు తెచ్చుకునేటప్పుడు, "ఇది ఉడకబెట్టుకునే రకమేనా?" అని రైతును అడగండి. ఆయనకు తప్పకుండా తెలుస్తుంది.

వానలు లేక చేను ఎండిన ఏడాది, మామూలుగా తీపిగా ఉండే రకంలో కూడా చేదు పెరుగుతుంది. ఒకే మొక్కకు కాసిన దుంపల మధ్య కూడా తేడా ఉంటుంది.

కొనేటప్పుడు చూడవలసినవి:

- దుంప తవ్వి రెండు రోజులకు మించకూడదు. విరిచి చూస్తే లోపల తెల్లగా ఉండాలి.
- గుజ్జులో నీలి లేదా నల్లటి గీతలు కనిపిస్తే దుంప పాడవడం మొదలైందని అర్థం. తీసుకోవద్దు.
- గునపం దెబ్బ తగిలి చీలిన దుంపలను పక్కన పెట్టండి.
- ఆకులు కూరకు పనికొస్తాయని ఎవరైనా ఇచ్చినా, ఈ మార్గదర్శిలోని పద్ధతి ఆకులకు వర్తించదు.

3. నాలుకతో పరీక్ష, దాని పరిమితి

తొక్క పూర్తిగా తీసిన తరువాత, గుజ్జు నుంచి బియ్యపు గింజంత ముక్కను గిల్లి నాలుక కొసకు తాకించి, వెంటనే ఉమ్మేసి, నోరు పుక్కిలించండి. మింగకూడదు. ఈ పరీక్షను పిల్లలతోనూ గర్భిణులతోనూ చేయించకూడదు.

ప్రతి దుంపనూ విడిగా పరీక్షించాలి, అది కూడా మొదట్లో, మధ్యలో, చివర మూడు చోట్ల. చేదు తగిలితే ఆ దుంపను అక్కడితో ఆపేయండి. చేదు తగలకపోతే మాత్రం అది పూర్తిగా నిర్దోషి అని అనుకోకూడదు. చేదుకూ సయనైడ్‌కూ చాలావరకు పొంతన ఉన్నా, అది ప్రతిసారీ నిలిచే లెక్క కాదు. నాలుక పరీక్ష ఒక దుంపను వద్దని చెప్పడానికి పనికొస్తుంది కానీ, సరేనని హామీ ఇవ్వడానికి పనికిరాదు. తీపిగా ఉన్న దుంపకు కూడా కింది మెట్లన్నీ చేయవలసిందే.

4. రెండు తొక్కలూ తీయడం

ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే. కర్రపెండలానికి రెండు తొక్కలు ఉంటాయి. పైన కాగితంలా పలుచగా ఉండే గోధుమ రంగు పొర ఒకటి. దాని కింద రెండు మూడు మిల్లీమీటర్ల మందంతో, తెల్లగా గానీ లేత గులాబీ రంగులో గానీ ఉండే గట్టి పట్ట మరొకటి. బంగాళాదుంపలు చెక్కే పీలర్‌తో గీస్తే పై పొర మాత్రమే పోతుంది. తెల్లగా కనిపించింది కదా అని అక్కడితో ఆపేస్తే, విషం ఎక్కువగా ఉన్న పట్ట దుంపకే అంటుకుని ఉండిపోతుంది.

పద్ధతి ఇది:

1. దుంపను మట్టి పోయేలా కడిగి, రెండు కొసలనూ అంగుళం మేర కోసి పారేయండి.
2. దుంపను జానెడు పొడవు ముక్కలుగా అడ్డంగా కోయండి.
3. ఒక్కో ముక్కకు పొడవునా కత్తితో గాటు పెట్టండి. కోసిన అంచున గుజ్జుకూ పట్టకూ మధ్య సన్నని గీత కనిపిస్తుంది, గాటు ఆ గీత దాకా దిగాలి.
4. కత్తి కొసను ఆ గాటులో దూర్చి, పట్టను పైకి లేపి, బొటనవేలితో తోయండి. తాజా దుంప అయితే పట్ట మొత్తం చుట్టలా లేచి వస్తుంది, కింద గుజ్జు తడిగా, నున్నగా, మెరుస్తూ కనిపిస్తుంది.
5. అక్కడక్కడా గులాబీ రంగు మచ్చలు మిగిలితే, కత్తితో గీకి తీసేయండి.

పట్ట చుట్టలా రాకుండా తునకలు తునకలుగా ఊడుతోందంటే, సాధారణంగా దుంప తవ్వి చాలా రోజులైందని అర్థం. అప్పుడు లోపలి నల్ల గీతల కోసం మళ్లీ చూడండి.

తొక్కలను గేదెల ముందో మేకల ముందో పడేయవద్దు. పచ్చి తొక్కలూ ఆకులూ తిని పశువులు చనిపోతాయి. గోతిలో వేసి మట్టి కప్పండి.

తీపి రకంలో విషంలో ఎక్కువ భాగం ఈ పట్టలోనే ఉంటుంది కనుక, సరిగ్గా తీస్తే సగం పని అయినట్టే. చేదు రకంలో గుజ్జు లోపల కూడా అది నిండి ఉంటుంది కనుక, తొక్క ఎంత బాగా తీసినా చాలదు.

5. ముక్క కొలత

తొక్క తీసిన దుంపను నిలువునా చీల్చి, నడిమి పీచును లాగి పారేయండి. తరువాత గుజ్జును గోలీకాయంత ముక్కలుగా, అంటే సుమారు ఒక సెంటీమీటరు పరిమాణంలో కోయండి.

తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ముక్క పరిమాణాన్ని మార్చి ఉడికించి కొలిచారు. సుమారు 2 గ్రాముల చిన్న ముక్కల్లో లినమరిన్ నాలుగో వంతుకు తగ్గింది. 50 గ్రాముల పెద్ద ముక్కల్లో నాలుగింట మూడు వంతులు అలాగే మిగిలిపోయింది. రెండూ ఉడికాయి, తేడా అంతా ముక్కలోనే ఉంది. ఆవిరి మీద ఉడికించడం, కాల్చడం, వేయించడం వంటి పద్ధతుల్లోనైతే పోయింది ఐదో వంతుకు మించలేదు. నిప్పుల్లో కాల్చిన కర్రపెండలం కమ్మగా ఉంటుందని తెలిసినా, రకం తెలియని దుంపను అలా కాల్చి తినవద్దని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

6. నానబెట్టడం

కోసిన ముక్కలను రెండు సార్లు కడిగి, మునిగేంత చల్లటి నీటిలో నాలుగు గంటలు ఉంచండి. ఈ సమయంలో కోసిన అంచుల దగ్గర ఎంజైమ్ తన పని చేసుకుంటుంది, కొంత లినమరిన్ నీటిలోకి దిగుతుంది. ఆ నీటిని పూర్తిగా పారబోసి, ముక్కలను మళ్లీ కడగండి. ఇది ఉడికించడానికి ముందు సాయం చేసే మెట్టు మాత్రమే. నాలుగు గంటలు నానినంత మాత్రాన చేదు దుంప తీపి దుంప అయిపోదు.

నానబెట్టే నీటిలో చింతపండు గానీ మజ్జిగ గానీ కలపకండి. కంద దురద పోవడానికి మన ఇళ్లలో చింతపండు వేసే అలవాటు ఉండటంతో, చాలామంది ఇక్కడా అదే చేస్తారు. ఈ దుంపలో అది ఎదురు తిరుగుతుంది. లినమరిన్ విడిపోయాక సయనైడ్‌గా మారి ఎగిరిపోవడానికి ముందు మధ్యలో మరో పదార్థంగా ఉంటుంది, పులుపులో ఆ పదార్థం విడిపోకుండా నిలిచిపోతుంది. పులుపు కావాలంటే ఉడికించి నీళ్లు వార్చిన తరువాత వేసుకోండి.

7. ఉడికించడం

కిలో ముక్కలకు ఐదు లీటర్ల నీళ్లు పట్టే వెడల్పాటి గిన్నె తీసుకోండి. మూత అక్కర్లేదు. వంటగది కిటికీ తెరిచి ఉంచండి.

1. ముక్కలను చల్లటి నీటిలోనే వేసి, మధ్యస్థమైన మంట మీద పెట్టండి. ఎసరు మరిగాక ముక్కలు వేయవద్దు. నీరు మెల్లగా వేడెక్కుతుంటే, ఆ కాసేపూ ఎంజైమ్‌కు పని చేసే అవకాశం దొరుకుతుంది.
2. మరుగు వచ్చాక పది నిమిషాలు ఉంచి, నీళ్లు మొత్తం వార్చేయండి.
3. తాజాగా మళ్లీ ఐదు లీటర్ల నీళ్లు పోసి, ముక్కలు పగిలే దాకా, అంటే మరో ఇరవై నిమిషాల వరకు, తెరిచి ఉంచి ఉడికించండి.
4. చివరి ఐదు నిమిషాల్లో ఉప్పు, పసుపు వేయండి.
5. ఈ నీటిని కూడా వార్చి పారబోయండి. చారులోకి, పులుసులోకి, పిండి కలపడానికి వాడవద్దు.

బియ్యం గంజిలో సత్తువ ఉంటుందని దాచుకునే అలవాటు మనది. ఈ గిన్నెలోని నీరు అలాంటిది కాదు, విషం దిగేది అందులోకే.

కుక్కర్ ఎందుకు వద్దో ఇప్పుడు అర్థమవుతుంది. దానిలో నీళ్లు తక్కువ, మూత బిగుతు, వేడి త్వరగా ఎక్కుతుంది. మన వారు ఆ కొద్ది నీళ్లనూ ముక్కల్లోనే ఇంకించేస్తారు. సమయం కలిసి రావాలంటే, మొదటి రెండు మెట్లు గిన్నెలో చేసి నీళ్లు వార్చిన తరువాత కుక్కర్లోకి మార్చుకోవచ్చు. అప్పుడు కూడా ముక్కలు మునిగేంత నీళ్లు పోయాలి, ఉడికాక వార్చాలి.

వడ్డించే ముందు చూడవలసినవి:

- కత్తి కొస మధ్యలోకి అడ్డు లేకుండా దిగాలి, ముక్క అంచులు పగిలి పిండిలా కనిపించాలి.
- మైనంలా గట్టిగా మిగిలిన ముక్కలను ఏరి పారేయండి.
- వండిన వారు ఒక ముక్క కొస కొరికి చూడండి. చేదు తగిలితే ఉమ్మేసి, గిన్నె మొత్తాన్ని పారేయండి. బెల్లమో కారమో వేసి ఆ చేదును కప్పిపుచ్చకండి.

8. దగ్గరగా ఒక ఉదాహరణ

ఒక ఎండాకాలంలో మా బావ మెట్ట పొలం నుంచి ఆరు దుంపలు సంచిలో వేసుకుని తెచ్చాడు. ఆ చేను మిల్లుకు వేసినదే. తొక్క తీసి వరుసగా పేర్చి, ఒక్కొక్కదాన్నీ నాలుకకు తాకించి చూశాను. నాలుగింటిలో చేదు లేదు. ఐదో దానికి తొడిమ వైపున వేపాకు కొరికినట్టు చేదు తగిలింది, కొస వైపున మాత్రం ఏమీ లేదు. ఆరోది మొత్తం చేదే. "చేదున్న వైపు కోసేసి మిగతాది వండేద్దాం" అన్నాడు బావ. నేను ఒప్పుకోలేదు.

ఎందుకో లెక్కగా చూడండి. చేదు దుంపలో కిలోకు 200 మిల్లీగ్రాముల సయనైడ్ ఉందని అనుకుందాం. చేదు రకాల్లో ఇది వింత కాదు. పావు కిలో ముక్కల్లో 50 మిల్లీగ్రాములు ఉంటాయి. పెద్ద ముక్కలుగా ఉడికిస్తే, నాలుగింట మూడు వంతులు, అంటే 37 మిల్లీగ్రాములకు పైనే మిగులుతుంది. చిన్న ముక్కలుగా ఉడికించి నాలుగో వంతుకు తగ్గించినా 12 మిల్లీగ్రాములకు పైనే మిగులుతుంది.

ప్రాణాంతకమైన సయనైడ్ మోతాదును శరీర బరువులో కిలోకు 0.5 నుంచి 3.5 మిల్లీగ్రాముల మధ్య లెక్కిస్తారు. 15 కిలోల పిల్లవాడికి ఆ కింది హద్దు 7.5 మిల్లీగ్రాములే. తిన్న లినమరిన్ అంతా ఒంట్లో సయనైడ్‌గా మారదు, కొంత మూత్రంలో పోతుంది. అయినా ఆ వరుసలో ఉన్న అంకెలతో పిల్లల కంచం దగ్గర పందెం కట్టలేము. అదే పావు కిలోను, కిలోకు 20 మిల్లీగ్రాములు ఉన్న తీపి దుంపతో, చిన్న ముక్కలుగా వండితే మిగిలేది ఒకటింబావు మిల్లీగ్రామే.

మొదటి నాలుగు దుంపలనూ పైన చెప్పిన పద్ధతిలో వండాము. మిగిలిన రెండింటినీ తొక్కలతో పాటు పెరట్లో గోతిలో పాతిపెట్టాము.

9. చేదు దుంపను తినే దేశాల్లో ఏం చేస్తారు

ఆఫ్రికాలో చేదు కర్రపెండలమే రోజువారీ తిండిగా ఉన్న ప్రాంతాలు చాలా ఉన్నాయి. అక్కడ కేవలం ఉడకబెట్టి తినరు. కాంగోలో తొక్క తీసిన దుంపలను మూడు రోజులకు తక్కువ కాకుండా నీటిలో ఉంచి, పులిసి మెత్తబడ్డాక ఎండబెట్టి పిండి చేస్తారు. కరువు వల్లో, అమ్మకపు తొందర వల్లో ఆ నానబెట్టడాన్ని ఒక్క రోజుకు కుదించిన చోట్ల, కాళ్లు శాశ్వతంగా బిగుసుకుపోయే కొంజో అనే జబ్బు కనిపించింది. ముఖ్యంగా మాంసకృత్తులు అందని పిల్లలకూ స్త్రీలకూ వచ్చింది. 2017 సెప్టెంబరులో ఉగాండాలోని కసేసే జిల్లాలో, కర్రపెండలం పిండితో చేసిన వంట తిని 98 మందికి విషం ఎక్కింది, ఇద్దరు చనిపోయారు.

పిండి కొన్నవారు ఎండబెట్టారు కదా అని ధీమా పడకూడదు. కోడెక్స్ హద్దు కిలో పిండికి 10 మిల్లీగ్రాములు. అనుమానం ఉన్న పిండికి ఆఫ్రికాలో వాడే ఒక తడిపే పద్ధతి ఉంది. పిండిని నీటితో ముద్దగా కలిపి, చేటలోనో పళ్లెంలోనో ఒక సెంటీమీటరుకు మించని పొరగా పరచి, ఎండలో రెండు గంటలు లేదా నీడలో ఐదు గంటలు ఉంచాలి. ఆ తరువాత అదే రోజు వండాలి. విడుదలైన సయనైడ్ ఆ పలుచని పొర నుంచి గాలిలోకి పోతుంది.

సగ్గుబియ్యం గురించి కూడా అడుగుతుంటారు. మిల్లులో దుంపను తొక్క తీసి, మెత్తగా నలిపి, పిండిని మళ్లీ మళ్లీ నీటిలో కడిగి తేర్చి, పూసలుగా చేసి వేడి చేస్తారు. నలపడంలో ఎంజైమ్ కలుస్తుంది, కడగడంలో విషం నీటితో పోతుంది. కనుక సగ్గుబియ్యానికి ఈ భయం అక్కర్లేదు. ఇంట్లో చిప్స్ వేయించుకునే వారు మాత్రం పచ్చి చక్రాలను నేరుగా నూనెలో వేయవద్దు. పలుచగా తరిగి, నానబెట్టి, పుష్కలమైన నీటిలో ఒక పొంగు ఉడికించి, వార్చి ఆరబెట్టిన తరువాతే వేయించండి.

10. ఎవరికైనా తేడా చేస్తే

తిన్న కొద్ది గంటల్లో తలనొప్పి, తల తిరగడం, వాంతులు, కడుపు నొప్పి, ఆయాసం, తికమక మొదలవుతాయి. తీవ్రమైతే మూర్ఛలు వస్తాయి, స్పృహ తప్పుతుంది. ఒకే గిన్నెలోంచి తిన్న ఇద్దరికి ఒకేసారి ఇలా వస్తే, అజీర్తి అనుకుని వాము నీళ్లు ఇస్తూ కూర్చోకండి.

- వెంటనే 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గరి పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లండి.
- బలవంతంగా వాంతి చేయించకండి. స్పృహ సరిగా లేని వారికి నీళ్లు కూడా తాగించకండి.
- అదే వంట తిన్న మిగతా వారిని కూడా, బాగానే ఉన్నా, వెంట తీసుకెళ్లండి.
- వండిన మిగులును, ఉంటే పచ్చి దుంప ముక్కను, మూతపెట్టిన డబ్బాలో తీసుకెళ్లండి.
- డాక్టరుకు మొదటి మాటగా "కర్రపెండలం తిన్నారు, సయనైడ్ కావచ్చు" అని చెప్పండి. దీనికి విరుగుడు మందులు ఉన్నాయి, ఆ మాట అందితేనే డాక్టరు వాటి గురించి వెంటనే ఆలోచిస్తారు.